జాయినింగ్ బోనస్ 18 నెలల షరతు ఉంది, ఇప్పుడు బెంగళూరుకు పొమ్మంటున్నారు. మానేస్తే మొత్తం కట్టాల్నా?

తోతాపురి | 12 ఫిబ్రవరి 2026, రాత్రి 9:14

మా చెల్లెలి విషయం. రేణిగుంట దగ్గర ఒక ఎలక్ట్రానిక్స్ కంపెనీలో క్వాలిటీ ఇంజినీర్. 2025 జూలై 1న చేరింది. జీతం ఏడాదికి 14 లక్షలు, దానికి తోడు 3 లక్షల జాయినింగ్ బోనస్. అది జూలై జీతంతోపాటే వచ్చేసింది. మొన్న 10వ తేదీన లెటర్ ఇచ్చినారు: మార్చి 16న బెంగళూరు ఆఫీసులో రిపోర్ట్ చెయ్యాల, రీలొకేషన్ కింద 75,000 ఒకేసారి ఇస్తాం, పది రోజుల్లో జవాబు చెప్పు అని.

ఆఫర్ లెటర్‌లో బోనస్ గురించి రాసింది ఇంగ్లీషులో ఉంది, అర్థం ఇదీ: చేరిన తేదీ నుంచి 18 నెలల లోపల ఏ కారణంతోనైనా తనంతట తాను మానుకున్నా, తప్పు చేసినందుకు కంపెనీ తీసేసినా, బోనస్ మొత్తం గ్రాస్‌గా 30 రోజుల్లో తిరిగి కట్టాల. తుది లెక్కలో కోసుకునే హక్కు కంపెనీకి ఉంటుంది. నోటీసు 60 రోజులు.

బావకు ఇక్కడ తిరుపతిలో వ్యాపారం, కదల్లేడు. పాప మూడో తరగతి. పోనంటే 3 లక్షలు కట్టాల్సిందేనా? పోయేటట్టయితే ఆ 75,000 చాలుతుందా? ఊరు మార్చమన్నది వాళ్ళే కదా, ఆమె కాదు కదా అని మా అమ్మ ఒకటే మాట అంటా ఉంది.

---

చంద్రగిరికోట | 12 ఫిబ్రవరి, 9:52

ఇట్లాంటి బాండ్లు కోర్టులో నిలవవు అన్నా. కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 27 చూడు, ఒకరి ఉద్యోగాన్ని అడ్డుకునే ఒప్పందం చెల్లదు. పైసా కట్టనవసరం లేదు. వాళ్ళు కేసు కూడా వెయ్యరు, లాయరు ఫీజుకే అంత అవుతుంది. పోవద్దు, రాజీనామా కూడా ఇయ్యొద్దు. ఊరికే ఇక్కడి ఆఫీసుకే పోతా ఉండమను, ఏం చేస్తారో చూద్దాం.

---

పాతరిజిస్టరు | 12 ఫిబ్రవరి, 10:40

చంద్రగిరికోట చెప్పినదాంట్లో ఒక ముక్క నిజం. కంపెనీలు ఇంత మొత్తానికి కోర్టుకు పోవడం తక్కువ. మిగతాది నమ్మి అడుగేస్తే ఆ అమ్మాయి దెబ్బ తింటుంది.

సెక్షన్ 27 పని మానేసిన తర్వాత వేరే చోట చెయ్యకూడదని కట్టేసే షరతుల గురించి. ఇది అది కాదు. 1872 నాటి అదే చట్టంలో ఇక్కడ పనికొచ్చేది సెక్షన్ 74. ఒప్పందంలో రాసుకున్న మొత్తం గరిష్ఠ హద్దు మాత్రమే, దానికి లోబడి సమంజసమైనంత ఇప్పించవచ్చు అంటుంది. 2025 మే 14న సుప్రీంకోర్టు విజయా బ్యాంకు కేసులో మూడేళ్ళ సర్వీసు షరతునూ, 2 లక్షల చెల్లింపునూ సమర్థించింది. అది ప్రభుత్వ రంగ బ్యాంకు, నియామకాల ఖర్చు ఎక్కువ అనే వాదన మీద నడిచిన కేసు. ప్రైవేటు కంపెనీకి అచ్చుగుద్దినట్టు వర్తిస్తుందని చెప్పను. కానీ బాండు అంటేనే చెల్లదు అనే మాట ఇంక అనకూడదు. పైగా బాండులో శిక్షణ ఖర్చు అని ఏదో అంకె వేస్తారు. ఇక్కడ డబ్బు నిజంగా ఆమె ఖాతాలో పడింది. తిరిగి అడగడానికి కంపెనీ చేతిలో ఇంకా గట్టి కాగితం ఉన్నట్టే.

రెండో సలహా మరీ ప్రమాదం. ఆఫర్ లెటర్‌లో 'భారతదేశంలో ఏ శాఖకైనా బదిలీ చేయవచ్చు' అనే వాక్యం ఉండి తీరుతుంది, వెతకమనండి. అది ఉన్నప్పుడు మార్చి 16న బెంగళూరులో కనపడకపోతే గైర్హాజరు కింద నోటీసు, ఆ తర్వాత ఆదేశం ధిక్కరించిందని తొలగింపు. అదే ఆ షరతులోని 'తప్పు చేసినందుకు తీసేసినా'. బోనస్ ఎట్లాగూ కట్టాలి, అనుభవ పత్రం కూడా చెడుతుంది. రాజీనామా అన్నా మేలు.

మీ అమ్మగారు పట్టుకున్నదే అసలు పాయింటు. ఆ షరతులో 'తనంతట తాను' అని ఉంది. చేరినప్పుడు ఒప్పుకున్న ఊరు కంపెనీయే మార్చి, అందువల్ల మానాల్సి వస్తే అది తనంతట తాను మానడమా? కంపెనీ అవునంటుంది, మనం కాదంటాం. కాగితంలో మాత్రం ఎటూ తేల్చలేదు. 'ఏ కారణంతోనైనా' అనే మాట వాళ్ళవైపు ఉంది, అంతే. అందుకే దీన్ని కోర్టులో కాకుండా ఇప్పుడే, జవాబు ఇవ్వకముందే, రాతపూర్వకంగా తేల్చుకోవాలి. సరే అన్న మరునాడు ఈ బేరం చెయ్యడానికి మీ చేతిలో ఏమీ ఉండదు.

---

బెల్లంమండీ | 12 ఫిబ్రవరి, 11:05

మావాడికీ ఇట్లాగే అయింది సామీ. చిత్తూరులో స్కూల్లో పని చేస్తున్నాడు, ఒరిజినల్ సర్టిఫికెట్లు పెట్టుకొని తిరిగి ఇయ్యము అంటా ఉన్నారు. బదిలీకి టీఏ కూడా ఇయ్యలేదు. ఇదీ అదే కదా?

---

పాతరిజిస్టరు | 12 ఫిబ్రవరి, 11:18

బెల్లంమండీ గారూ, అది వేరు. ఇక్కడ ఇచ్చిన డబ్బు తిరిగి అడగడం, అక్కడ సర్టిఫికెట్లు దాచుకోవడం. సర్టిఫికెట్లు తాకట్టు వస్తువులు కావు, వాటిని పట్టుకొని ఉండే హక్కు స్కూలుకు లేదు. రాతపూర్వకంగా తేదీ వేసి అడగమనండి, అక్నాలెడ్జ్‌మెంట్ తీసుకోమనండి. వివరాలు వేరే పోస్టులో పెట్టండి, చూద్దాం.

---

రేణిగుంట జంక్షన్ | 13 ఫిబ్రవరి, ఉదయం 7:30

పేరోల్ వైపు నుంచి లెక్క చెప్తా. అందరూ 3 లక్షలు అంటున్నారు, ఆ అమ్మాయి చేతికి 3 లక్షలు రాలేదు కదా.

ఏప్రిల్ నుంచి జూన్ దాకా పాత కంపెనీ జీతం, తర్వాత ఇక్కడి జీతం కలిపి ఏడాదికి 14 లక్షలే అనుకుందాం. కొత్త పన్ను విధానం. స్టాండర్డ్ డిడక్షన్ 75,000 తీస్తే 13.25 లక్షలు. దాని మీద బోనస్ పడితే 16.25 లక్షలు. అంటే బోనస్‌లో 2.75 లక్షల మీద 15 శాతం, అది 41,250. మిగిలిన 25,000 మీద 20 శాతం, అది 5,000. నాలుగు శాతం సెస్సుతో మొత్తం 48,100. చేతికి వచ్చింది 2,51,900. షరతులో 'గ్రాస్' అనే ఒక్క మాట వల్ల రాని 48,100 కూడా కట్టాల్సి వస్తుంది.

ఇప్పుడు ఫిబ్రవరి 20న రాజీనామా ఇచ్చిందనుకోండి. 60 రోజులంటే ఏప్రిల్ 20 ప్రాంతం దాకా. అప్పటికి నిండిన నెలలు 9, మిగిలినవి 9. ఒకే ఘటనకు మూడు అంకెలు వస్తాయి చూడండి. కాగితంలో ఉన్నట్టే అయితే 3,00,000. చేసిన నెలలు తీసేసి మిగిలిన నెలలకే అంటే 1,50,000. చేతికొచ్చిన దాని మీద మిగిలిన నెలలకే అంటే 1,25,950. బేరం ఆడాల్సింది ఈ మూడింటి మధ్య. పూర్తిగా మాఫీ చెయ్యమని మొదలుపెట్టొచ్చు, కానీ చాలాసార్లు ఆగేది రెండో అంకె దగ్గరే.

---

చంద్రగిరికోట | 13 ఫిబ్రవరి, 8:02

పన్ను గురించి దిగులెందుకు అన్నా? కంపెనీ వెనక్కి తీసుకుంటే ఫారం 16లో తగ్గించి చూపిస్తుంది, రిటర్న్ వేస్తే రీఫండ్ వచ్చేస్తుంది.

---

రేణిగుంట జంక్షన్ | 13 ఫిబ్రవరి, 8:25

అదే సంవత్సరంలో వెనక్కి తీసుకుంటే మీరు చెప్పింది కరెక్టే. మార్చి 31 దాటితేనే గొడవ. ఈ కేసులో సరిగ్గా అదే జరగబోతోంది.

బోనస్ వచ్చింది 2025-26లో. ఆఖరి పనిదినం ఏప్రిల్ 2026, అంటే తుది లెక్క కొత్త ఆర్థిక సంవత్సరంలో పడుతుంది. అప్పటికి పాత ఏడాది ఫారం 16లో 3 లక్షలు ఆదాయంగా నిలిచిపోతాయి. ఏప్రిల్‌లో ఆమెకు వచ్చేది ఇరవై రోజుల జీతం, అందులోంచి 3 లక్షలు కొయ్యడానికి ఏముంది? తుది లెక్క షీట్‌లో చివరి గడి మైనస్‌లో వస్తుంది. అదే గుర్తు. ఆ మైనస్ మొత్తాన్ని ఆమె బ్యాంకు నుంచి పంపాలి. దానికి పన్ను సర్దుబాటు పేరోల్ చెయ్యదు. రిటర్న్‌లో తనే తగ్గించి చూపొచ్చు కదా అంటే, ఫారం 16తో సరిపోలక నోటీసు వచ్చే అవకాశం ఉంది. నోటీసు కాలం కింద కోసుకున్న జీతం విషయంలో ట్రిబ్యునల్ ఉద్యోగి పక్షాన చెప్పిన తీర్పు ఉంది. బోనస్‌కూ అదే తర్కం అని వాదించే ఆడిటర్లు ఉన్నారు, రిస్కు ఎందుకనేవాళ్ళూ ఉన్నారు.

దీనికి ఒక దారి ఉంది. మానేయడమే ఖాయమైతే, ఆఖరి రోజు ఏప్రిల్‌లో ఉన్నా సరే, బోనస్ రికవరీ మాత్రం మార్చి పేరోల్‌లోనే చెయ్యమని రాసి అడగాలి. పేరోల్‌కు వివరాలు పంపడం చాలా చోట్ల 20, 25 తేదీల మధ్య మూసేస్తారు. కాబట్టి మార్చి 15 లోపల హెచ్‌ఆర్ ఒప్పుకోలు మెయిల్, రికవరీ మొత్తం రెండూ పేరోల్ చేతిలో ఉండాలి. అప్పుడు మార్చి స్లిప్‌లో బోనస్ గడిలో మైనస్ అంకె కనపడుతుంది, ఆ నెల పన్ను కోత కూడా తగ్గుతుంది. స్లిప్‌లో 'ఇతర కోతలు' అనే గడిలో పడిందంటే మాత్రం ఆదాయం తగ్గించలేదని అర్థం. అది చూడగానే ఆ రోజే మెయిల్ పెట్టాలి, ఏప్రిల్ దాకా ఆగితే చేతులు దాటిపోతుంది.

---

తోతాపురి | 13 ఫిబ్రవరి, మధ్యాహ్నం 1:10

ఇంత ఉందని తెలియదు. బదిలీ వాక్యం ఉందన్నా, నాలుగో పేజీలో చిన్న అక్షరాల్లో. ఇంకోటి. కొత్తగా ఇచ్చిన రీలొకేషన్ లెటర్ మళ్ళీ చదివినాం. 75,000 కూడా 12 నెలల లోపల మానేస్తే గ్రాస్‌గా కట్టాలంట. కింద ఇంకో వాక్యం ఉంది: ఆఫర్ లెటర్‌లోని రికవరీ షరతులు 'బదిలీ అమల్లోకి వచ్చిన తేదీ నుంచి' కొనసాగుతాయి అని. ఇది మామూలేనా?

---

పాతరిజిస్టరు | 13 ఫిబ్రవరి, 2:35

మామూలు కాదు. ఈ చర్చలో అన్నిటికంటే ఖరీదైన వాక్యం అదే. సంతకం పెట్టలేదు కదా?

పాత లెటర్ ప్రకారం గడియారం 2025 జూలై 1న మొదలైంది, 2026 డిసెంబర్ 31తో అయిపోతుంది. కొత్త లెటర్‌లోని 'నుంచి' అనే మాటను కంపెనీ తనకు కావలసినట్టు చదివితే 18 నెలలు మార్చి 16 నుంచి మళ్ళీ మొదలవుతాయి. అంటే 2027 సెప్టెంబర్ 15 దాకా. ఎనిమిదిన్నర నెలలు ఉత్తపుణ్యానికి కట్టుబడినట్టు. బహుశా అది దురుద్దేశంతో రాసింది కాకపోవచ్చు, పాత టెంప్లేట్‌లో ఎవరో అతికించి ఉంటారు. కానీ రెండేళ్ళ తర్వాత చదివేవాళ్ళకు ఉద్దేశం కనపడదు, అక్షరమే కనపడుతుంది.

మెయిల్ ఇంగ్లీషులోనే రాయాల్సి వస్తుంది. అందులో ఉండాల్సిన సంగతి ఇదీ, నా వరకు ఇదే వరసలో:

'బదిలీ లెటర్ అందింది, పరిశీలిస్తున్నాను. జవాబు ఇచ్చేముందు మూడు విషయాలు రాతపూర్వకంగా స్పష్టం చేయగలరు. ఒకటి, జాయినింగ్ బోనస్ గడువు 2025 జూలై 1 నుంచే లెక్క అనీ, బదిలీ వల్ల మారదనీ. రెండు, కంపెనీ కోరిన ఊరు మార్పు వల్ల నేను కొనసాగలేకపోతే, లేదా బదిలీ తర్వాత కంపెనీయే ఉద్యోగాన్ని తొలగిస్తే, బోనస్ రికవరీ వర్తించదనీ. అది కుదరకపోతే పూర్తి చేసిన నెలలు మినహాయించి, నాకు అందిన నికర మొత్తం మీదే లెక్కిస్తారనీ. మూడు, రీలొకేషన్ డబ్బుకు వేరే గడువు ఉంటే అది కూడా నెలనెలా తగ్గుతూ పోతుందనీ.'

ఇందులో 'ఒప్పుకుంటున్నాను', 'ఒప్పుకోను' అనే మాటలు రెండూ లేవు, గమనించండి. పదో రోజుకు జవాబు రాకపోతే గడువు పొడిగించమని ఇంకో మెయిల్. ఫోనులో హెచ్‌ఆర్ 'అది అంతేలెండి, మీకేం కాదు' అంటే, ఆ సాయంత్రమే 'మీరు ఫోనులో ఇట్లా చెప్పారు' అని మెయిల్ పెట్టమనండి. ఆఫర్ లెటర్ అడుగున 'ఈ లెటర్‌కు మార్పులు రాతపూర్వకంగా, సంతకంతో ఉంటేనే చెల్లుతాయి' అని ఉంటుంది. కాబట్టి మెయిల్‌లో ఊ అన్నది సరిపోదు. సవరణ లెటర్ తెప్పించుకోవాలి.

ఇంకో చిన్న లొసుగు. 18 నెలల లోపల అంటే రాజీనామా ఇచ్చిన తేదీనా, ఆఖరి పనిదినమా? వాళ్ళ షరతులో లేదు. నవంబర్‌లో రాజీనామా ఇచ్చి జనవరిలో బయటపడితే కంపెనీ ఏది పట్టుకుంటుందో ఊహించండి. ఆఖరి పనిదినమే లెక్క అని అదే సవరణలో రాయించుకుంటే మంచిది.

---

కపిలతీర్థం | 13 ఫిబ్రవరి, సాయంత్రం 6:20

పోవడం సంగతి ఎవరూ మాట్లాడలేదు. 75,000 చాలుతుందా అంటే, చాలదు. మార్చిలో జీతంతో కలిపి ఇస్తే రేణిగుంట జంక్షన్ చెప్పిన 20 శాతం స్లాబులో పడుతుంది, సెస్సుతో 15,600 పోయి 59,400 చేతికి వస్తుంది. మానేస్తే మళ్ళీ 75,000 కట్టాలి, అదీ చూసుకోండి.

ఖర్చు ఒక ఉదాహరణగా వేస్తా. డబుల్ బెడ్‌రూమ్ సామాను, తిరుపతి నుంచి బెంగళూరు సుమారు 250 కిలోమీటర్లు. ప్యాకింగ్, లోడింగ్, రవాణా కలిపి కొటేషన్ 28,000 అనుకుంటే 18 శాతం జీఎస్టీతో 33,040. ఇల్లు దొరికేదాకా 14 రాత్రులు బస, రోజుకు 2,500 చొప్పున 35,000. అక్కడ అద్దె 26,000 అనుకుంటే బ్రోకరుకు ఒక నెల, 26,000. ఇక్కడి ఇల్లు నెల ముందు చెప్పకుండా ఖాళీ చేస్తే పోయే అద్దె 12,000. మొత్తం 1,06,040. అయిదు నెలల అడ్వాన్సు 1,30,000 ఇందులో లేదు. అది తిరిగొచ్చే డబ్బే కానీ అన్ని నెలలు ఇరుక్కుంటుంది, ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ అని ఒక నెల అద్దె పట్టుకోవడం అక్కడ రివాజు.

అడగాల్సింది అంకె పెంచమని కాదు, డబ్బు ఇచ్చే తీరు మార్చమని. బదిలీ మీద సామాను తరలింపు, ప్రయాణం ఖర్చులకు బిల్లులతో ఇచ్చిన అలవెన్సుకు, నిజంగా ఖర్చయినంత వరకు పన్ను లేదు. కొత్త పన్ను విధానంలో కూడా ఈ మినహాయింపు ఉంది. బదిలీ మీద 15 రోజుల దాకా కంపెనీయే హోటల్ ఇస్తే అదీ పన్నుకు రాదు. కాబట్టి 33,040 బిల్లు మీద, 35,000 హోటల్ బిల్లు నేరుగా కంపెనీకి. మిగిలిన బ్రోకరు, పాత అద్దె కలిపి 38,000కు పన్ను మినహాయింపు లేదు, అది చేతికి అందాలంటే గ్రాస్‌గా 48,000 అడగాలి. కంపెనీకి పడేది 1,16,040. 75,000 నుంచి 1.5 లక్షలు చెయ్యండి అని గుండుగుత్తగా అడిగినదానికంటే ఇది ఒప్పించడం సులభం, ప్రతి అంకె వెనకా కొటేషన్ ఉంటుంది కాబట్టి.

---

అలిపిరి ఆటో | 13 ఫిబ్రవరి, 7:05

ప్యాకర్ల బిల్లు విషయంలో జాగ్రత్త. తక్కువకు వస్తామన్న వాళ్ళు చాలామంది జీఎస్టీ నంబర్ లేని తెల్ల బిల్లు ఇస్తారు, ఫైనాన్స్ దాన్ని పక్కన పడేస్తుంది. ఇన్వాయిస్ ఉద్యోగి పేరు మీద ఉండాల, లారీ రసీదు కాపీ ఉండాల, సామాన్ల జాబితా ఉండాల, డబ్బు బ్యాంకు నుంచి పోయినట్టు ఉండాల. నాలుగూ కలిపి పెడితే ఎవరూ ప్రశ్న అడగరు. సామాను కదలకుండా బిల్లు తెప్పించి పెట్టేవాళ్ళున్నారు. అది దొరికితే తప్పు చేసినందుకు తీసివేత కిందికి వస్తుంది, బోనస్ షరతు మళ్ళీ నెత్తిన కూర్చుంటుంది.

బండి కూడా ఉంటే, ఆంధ్ర నంబర్‌తో కర్ణాటకలో 12 నెలలు దాటితే అక్కడ రిజిస్టర్ చేయించాల, ఇక్కడి ఆర్టీఓ నుంచి ఎన్‌ఓసీ తెచ్చుకోవాల, అక్కడ జీవితకాల పన్ను కట్టాల. కారైతే అది పెద్ద అంకె. దాన్ని కూడా లిస్టులో పెట్టి అడగొచ్చు, ఇస్తారని మాత్రం ఆశ పెట్టుకోవద్దు.

---

రేణిగుంట జంక్షన్ | 13 ఫిబ్రవరి, 8:40

కపిలతీర్థం గారి లెక్క బాగుంది, ఒక్కటి తప్పింది. ఇది ఒక్కసారి అయ్యే ఖర్చు. ఇక్కడ 12,000 అద్దె, అక్కడ 26,000, నెలకు 14,000 తేడా ఎప్పటికీ ఉంటుంది, ఏడాదికి 1,68,000. బావ ఇక్కడే ఉంటే రెండు ఇళ్ళు, అప్పుడు 26,000 మొత్తం అదనమే. రీలొకేషన్ డబ్బు దీన్ని పూడ్చదు. జీతం సవరించమని, లేదా కనీసం ఆరు నెలలు అద్దె సాయం ఇవ్వమని అడగాలి.

---

పాతరిజిస్టరు | 13 ఫిబ్రవరి, 9:15

అడగొచ్చు, కానీ మొదట అడగొద్దు. జీతం అనగానే బడ్జెట్, అప్రైజల్ అని ఏప్రిల్ దాకా సాగదీస్తారు. ఈలోపు పది రోజులు అయిపోతాయి. ముందు గడియారం సవరణ, బోనస్ మినహాయింపు. వాటికి కంపెనీకి ఇవాళ ఒక్క రూపాయి ఖర్చు లేదు, ఒక సంతకం చాలు. అందుకే అవి త్వరగా వస్తాయి.

---

కపిలతీర్థం | 13 ఫిబ్రవరి, 9:33

నేను ఒప్పుకోను. బోనస్ షరతు గురించి మొదటి మెయిల్‌లోనే అడిగితే, ఈమె మానేసే ఆలోచనలో ఉంది అని మేనేజర్‌కు అర్థమైపోతుంది. ఆ తర్వాత రీలొకేషన్ మీద ఎవరు ఖర్చు పెడతారు? ముందు పోవడానికి సిద్ధమన్నట్టు ఖర్చుల లిస్టు పెట్టాలి, అది ఖాయమయ్యాక 'కాగితాలు సరిచేద్దాం' అని షరతు సవరణ అడగాలి. రీలొకేషన్ డబ్బు మేనేజర్ కాస్ట్ సెంటర్ నుంచి వస్తుంది, షరతు మార్పు హెచ్‌ఆర్, లీగల్ చేస్తాయి. ఇద్దరూ వేరు.

---

పాతరిజిస్టరు | 13 ఫిబ్రవరి, 9:50

పోవడం ఖాయమైతే మీ వరసే మంచిది. ఈ ఇంట్లో పోవడం ఖాయం కాదు కదా. పోకపోతే ఖర్చుల లిస్టు వల్ల పోయేది రోజులే. తోతాపురి గారూ, ముందు ఇంట్లో ఆ ఒక్క ప్రశ్న తేల్చండి, దాన్నిబట్టి మెయిల్.

ఇంకో మధ్యదారి: పాప పరీక్షలు అయ్యేదాకా రిపోర్టింగ్ తేదీ జూన్‌కు మార్చమని అడగడం. మన బడులు జూన్‌లోనే తెరుస్తారు కాబట్టి కారణం చెప్పడానికి సంకోచించనక్కర్లేదు. జూన్ దాకా ఇక్కడే పనిచేస్తే 18లో 11 నెలలు నిండుతాయి. నెలల లెక్కకు ఒప్పించి ఉంటే, అప్పుడు మానినా మిగిలేది 7 నెలలకు, అంటే 1,16,667.

---

చంద్రగిరికోట | 13 ఫిబ్రవరి, 10:12

సరే, సెక్షన్ 27 మీద నేను తప్పు. కానీ డబ్బు కట్టకపోతే పీఎఫ్ ఆపేస్తారా?

---

రేణిగుంట జంక్షన్ | 13 ఫిబ్రవరి, 10:20

పీఎఫ్ జోలికి రాలేరు, అప్పు కింద జప్తు చెయ్యడానికి కూడా వీలు లేని డబ్బు అది. వాళ్ళు ఆపగలిగేది రిలీవింగ్ లెటర్, నో డ్యూస్. కొత్త కంపెనీ బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లో అది తగులుతుంది. ఆ భయంతోనే చాలామంది కడతారు, చట్టం చూసి కాదు. కొత్త కంపెనీ ఆ బోనస్ మేం కట్టుకుంటాం అంటే కూడా లెక్క చూసుకోండి. అది జీతం కిందే వస్తుంది, 1,50,000 ఇస్తే పన్ను పోయాక అంత చేతికి రాదు. దానికీ కొత్తగా ఇంకో గడువు పెడతారు.

---

తోతాపురి | 19 ఫిబ్రవరి, రాత్రి 8:47

అందరికీ దండాలు. ఇంట్లో కూర్చుని తేల్చుకున్నారు: జూన్ అయితే పోతుంది, మార్చి అయితే పోదు. 14న పాతరిజిస్టరు గారి వరసలోనే మెయిల్ పెట్టినాం, జూన్ సంగతి కూడా కలిపి. ఈరోజు సవరణ లెటర్ డ్రాఫ్ట్ పంపినారు. గడువు 2025 జూలై 1 నుంచే లెక్క అని రాసినారు, ఆ కింది వాక్యం తీసేసినారు. నెలల లెక్కకు ఒప్పుకున్నారు. నికర మొత్తం మీద అంటే మాత్రం పాలసీ కాదు అన్నారు, గ్రాసేనంట. కంపెనీ ఊరు మార్చినందుకు మాఫీ అనే దానికి జవాబే లేదు, ఆ పేరా మొత్తం వదిలేసినారు. సామాను, హోటల్ బిల్లుల మీద ఇస్తారంట. రిపోర్టింగ్ తేదీ మే 4 అన్నారు, జూన్ కాదు. జవాబు గడువు సోమవారానికి పెంచినారు.

మే 4కు పాప పరీక్షలు అయిపోతాయి కానీ అక్కడి బడిలో అడ్మిషన్ అప్పటికి దొరుకుతుందా అని చూస్తా ఉన్నారు.

---

పాతరిజిస్టరు | 19 ఫిబ్రవరి, 9:20

మాఫీ పేరా వదిలేసినారంటే కాదన్నట్టు కాదు, ఔనన్నట్టూ కాదు. సోమవారం లోపల ఆ ఒక్కటే మళ్ళీ అడగండి, కానీ కొంచెం తగ్గించి: బదిలీ తర్వాత కంపెనీయే తీసేస్తే రికవరీ లేదు అనే సగం వాక్యమైనా పెట్టమనండి. ఇంకా డ్రాఫ్ట్‌లో 'నిండిన నెలలు' అన్నారా, 'నెలలు' అన్నారా చూడండి. నెల మధ్యలో మానితే 16,667 తేడా దాని మీదే ఉంటుంది.

---

తోతాపురి | 19 ఫిబ్రవరి, 9:41

ఉత్త 'నెలలు' అని ఉందన్నా. రేపు పొద్దున్నే మెయిల్ పెట్టిస్తా.